ప్రెస్ ఆగకముందే చేసుకోవాల్సిన పని: పీఎల్‌సీ బ్యాకప్, ఫర్మ్‌వేర్, స్పేర్ సీపీయూ

డిసెంబరులో ఒక రాత్రి పదిన్నరకు జమ్మికుంట వైపు ఉన్న ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. బేల్ ప్రెస్ పీఎల్‌సీ మీద ఒక్క లైటూ వెలగడం లేదన్నారు. యార్డులో పత్తి బండ్లు వరస కట్టి ఉన్నాయి, జిన్నులు ఆపేశారు. "టెన్షన్ లేదన్నా, స్పేర్ సీపీయూ బీరువాల ఉన్నది, ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌ల ఉన్నది" అన్నాడు సూపర్‌వైజర్. రెండూ నిజమే. అయినా ప్రెస్ మళ్ళీ సరిగ్గా బేలు కట్టేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండు దాటింది.

ఆ గంటలన్నీ ఎక్కడికి పోయాయో చెప్తే ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది. స్పేర్ సీపీయూ పార్ట్ నంబరు పాతదానితో అక్షరం తేడా లేకుండా కలిసింది, కానీ దాని లోపలి ఫర్మ్‌వేర్ V4.1. ప్రాజెక్టు V4.2 కోసం రాసింది. డౌన్‌లోడ్ కొట్టగానే తిరస్కరించింది. కొత్త ఫర్మ్‌వేర్ దించుకుందామంటే కంపెనీ సైటులో ముందు రిజిస్టర్ అవ్వాలి, ఆ రాత్రి అది పూర్తి కాలేదు. పొద్దున అది అయ్యాక ప్రోగ్రాం ఎక్కింది, కానీ అది మిషన్ పెట్టిన రోజు ఫైలు. రెండు సీజన్లలో చేసిన మార్పులు అందులో లేవు. అవి గుర్తు చేసుకుని మళ్ళీ రాశాక ప్రెస్ కదిలింది, అప్పుడు బేళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి, కట్టుపట్టీలు అందలేదు. స్క్రీను మీద ఆపరేటర్ 185 బార్ పెట్టుకుని నడుపుతున్న ప్రెషర్ సెట్టింగు, కొత్త సీపీయూలో ప్రోగ్రాం రాసిన రోజు వేసిన 120కి పోయింది.

ఆ పెన్‌డ్రైవ్ ఫైలు ఇచ్చింది నేనే. ఆ రోజు నుంచి స్పేర్ మీద ఎక్కించి నడిపి చూడని ఫైలును నేను బ్యాకప్ లెక్కలో వేయడం లేదు. ఈ పనికి మన దగ్గర మంచి కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే పత్తి రాక ఆగి మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు. ఒక మిషన్‌కు ఒక పూట చాలు. ఇక్కడ చెప్పేదంతా సీమెన్స్ ఎస్7-1200 సీపీయూ 1214సీ మీద, దానికి ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాసి ఎక్కించే టీఐఏ పోర్టల్ సాఫ్ట్‌వేర్‌తో. వేరే బ్రాండైతే మెనూ పేర్లు మారతాయి.

ముందు మిషన్‌లో ఏముందో రాసుకోండి

ప్యానెల్ తలుపు తీసి సీపీయూ పక్కన ఉన్న పార్ట్ నంబరు ఫోన్‌తో ఫోటో తీయండి. మా కేసులో అది 6ES7 214-1AG40-0XB0. ఈ నంబరులో మధ్యలో ఉన్న అక్షరాలే అసలు సంగతి చెప్తాయి. 1AG40 అంటే 24 వోల్టుల డీసీతో నడిచేది, ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్లు. 1BG40 అంటే 230 వోల్టుల ఏసీతో నడిచేది, రిలే అవుట్‌పుట్లు. 1HG40 అంటే 24 వోల్టుల డీసీ, రిలే అవుట్‌పుట్లు. మూడింటినీ షాపులో "1214సీ" అనే అంటారు, మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. 24 వోల్టుల సీపీయూ ఉన్నచోట ఏసీ సీపీయూ పెట్టినా, తిప్పి పెట్టినా వైరింగ్ మొత్తం మారాలి. పొరపాటున 230 వోల్టులు 24 వోల్టుల టెర్మినల్‌కు తగిలితే స్పేర్ కూడా పోయినట్టే.

అవుట్‌పుట్ రకం కూడా అంతే ముఖ్యం. ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ ఒక్కొక్కటి 0.5 ఆంపియర్లే మోస్తుంది, రిలే అయితే 2 ఆంపియర్లు. హైడ్రాలిక్ వాల్వ్ కాయిల్స్‌ను మధ్యలో ఇంకో రిలే లేకుండా నేరుగా సీపీయూ రిలే అవుట్‌పుట్‌కు కట్టిన ప్యానెళ్ళు మన మిల్లుల్లో చాలా చూశాను. అక్కడ ట్రాన్సిస్టర్ రకం స్పేర్ పెడితే అవుట్‌పుట్ కాలిపోయే ప్రమాదం ఉంది.

పక్కన ఉన్న ఇన్‌పుట్, అవుట్‌పుట్, అనలాగ్ మాడ్యూళ్ళ నంబర్లు కూడా ఫోటో తీయండి. వాటి చివర అంకెలు 30, 32 అని మారుతుంటాయి. అది తరం తేడా. కొత్త తరం పాతదాని స్థానంలో వాడుకోవచ్చని తయారీదారు చెప్పే మాడ్యూళ్ళు చాలా ఉన్నాయి, కానీ కొనేముందు ఆ ఒక్క నంబరుకూ కంపెనీ పత్రంలో చూసుకోండి. షాపతని మాట మీద నడవొద్దు.

ఫర్మ్‌వేర్‌ను మాత్రం స్టిక్కరు చూసి రాయకండి. స్టిక్కరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుది, మధ్యలో ఎవరైనా అప్‌డేట్ చేసి ఉంటే అది తప్పవుతుంది. ల్యాప్‌టాప్ కలిపి ఆన్‌లైన్ వెళ్ళి "Online & diagnostics" తెరిచి "Diagnostics" కింద "General"లో చూడండి. అక్కడ కనిపించే నంబరే నిజం. ఇదే పని స్పేర్ సీపీయూ మీద కూడా చేయాలి. కొత్త డబ్బాలో ఉంది కదా అని వదిలేస్తే మాకు జరిగినట్టే జరుగుతుంది.

మిషన్‌లో ఉన్నదీ మీ ఫైలూ ఒకటేనా

ఇదే అందరూ దాటేసే మెట్టు. ప్రాజెక్టు తెరిచి ఆన్‌లైన్ వెళ్తే ఎడమవైపు చెట్టులో ప్రతి బ్లాకు పక్కన ఒక గుర్తు వస్తుంది. అన్నీ ఆకుపచ్చ గుండ్రాలైతే మిషన్‌లో ఉన్నదీ మీ దగ్గర ఉన్నదీ ఒకటే. సగం నీలం, సగం ఆరెంజ్ గుండ్రం ఎక్కడైనా కనిపిస్తే ఆ బ్లాకులో తేడా ఉంది. ఆ బ్లాకు మీద రైట్ క్లిక్ చేసి "Quick compare" లో "Offline/online" తెరిస్తే ఏ లైను మారిందో పక్కపక్కన చూపిస్తుంది.

మా ప్రెస్‌లో ఆ తేడా ఒక టైమరు. పెట్టె తలుపు మూసుకున్నట్టు లిమిట్ స్విచ్ చెప్పాక, దూదిని నొక్కే ర్యామ్ కదలడానికి ముందు 400 మిల్లీసెకన్లు ఆగేది. దూది పోగు ఇరుక్కుని స్విచ్ దడదడలాడుతోందని ఒక సీజన్లో దాన్ని 900కి పెంచారు. ఆ మార్పు చేసిన ల్యాప్‌టాప్ వేరే మనిషిది, ఆయన ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నారు. ఇలాంటి చిన్న అంకె ఫైలులో లేకపోతే ప్రెస్ నడుస్తుంది, కానీ పది బేళ్ళకోసారి ఎందుకు ఆగుతుందో ఎవరికీ తెలియదు.

తేడా కనిపిస్తే కంగారుపడి డౌన్‌లోడ్ కొట్టొద్దు. మిషన్‌లో నడుస్తున్నదే సరైనది అనుకుని దాన్నే పైకి తెచ్చుకోండి. ప్రాజెక్టు ఫైలే లేకపోతే కొత్త ప్రాజెక్టు తీసి "Upload device as new station (hardware and software)" వాడండి. V4 తరం సీపీయూల్లో ట్యాగ్ పేర్లు, కామెంట్లు కూడా దానితోపాటు వస్తాయి. పాత ఎస్7-300 మీద పని చేసినవాళ్ళకు ఇది పెద్ద ఊరట, అందులో పేర్లు, కామెంట్లు వచ్చేవి కావు. అయితే మిషన్ చేసినవాళ్ళు చదవడానికి కూడా వీల్లేకుండా పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఇక్కడే ఆగిపోతారు. ఆ పాస్‌వర్డ్ ఇప్పుడే, ఖాళీ కాలంలోనే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి.

ఇంకో రకం తాళం ఉంది. కొన్ని బ్లాకులను సీపీయూ సీరియల్ నంబరుకు కట్టేసి ఉంచొచ్చు. అప్పుడు ప్రోగ్రాం మొత్తం మీ చేతిలో ఉన్నా స్పేర్ సీపీయూలో ఆ బ్లాకు పనిచేయదు, ఎందుకంటే స్పేర్ సీరియల్ నంబరు వేరు. బ్లాకు "Properties"లో "Protection" కింద "Bind to serial number" అని ఉందేమో చూడండి. ఉంటే మిషన్ ఇచ్చినవాళ్ళతో మాట్లాడి తీయించుకోవాలి. స్పేర్ మీద ఎక్కించి చూస్తే తప్ప చాలామందికి ఈ సంగతి బయటపడదు.

సెట్టింగులు ప్రోగ్రాంతోపాటు రావు

ఆపరేటర్ టచ్ స్క్రీను మీద మార్చే ప్రెషరు, టైమర్లు, బేలు లెక్క, ఇవన్నీ సీపీయూలోని డేటా బ్లాకుల్లో ఇప్పుడున్న విలువలుగా ఉంటాయి. ప్రాజెక్టు ఫైలులో ఉండేవి మొదలు విలువలు. కొత్త సీపీయూలో ప్రాజెక్టు ఎక్కిస్తే అది మొదలు విలువలతోనే లేస్తుంది. మా 185, 120 గొడవ ఇక్కడిదే.

దీనికి మందు చిన్నదే. ఆన్‌లైన్‌లో ఆ డేటా బ్లాకు తెరిచి "Snapshot of the actual values" బటన్ నొక్కండి. ఇప్పుడున్న విలువలన్నీ ఒక కొత్త నిలువు వరసలోకి వస్తాయి. ఆ వరసలో సెట్టింగులను మాత్రం మొదలు విలువల వరసలోకి కాపీ చేసి, ప్రాజెక్టు సేవ్ చేయండి. అన్నిటినీ గుడ్డిగా కాపీ చేయకండి. ఆ క్షణంలో ర్యామ్ ఏ మెట్టులో ఉందో చెప్పే నంబరు కూడా అందులో ఉండొచ్చు. అది మొదలు విలువగా పోతే కొత్త సీపీయూ లేవగానే సగం బేలు మధ్యలో ఉన్నట్టు అనుకుంటుంది. నేను సెట్టింగుల బ్లాకును వేరుగా, మెట్ల బ్లాకును వేరుగా పెట్టమని అడుగుతాను, అప్పుడు ఈ బాధ ఉండదు. ఈ పని చేశాక ఆ బ్లాకు పక్కన ఆన్‌లైన్‌లో తేడా గుర్తు పడుతుంది. అది మీరు చేసిన మార్పే. అది పోవాలంటే మిషన్ ఆగి ఉన్నప్పుడు ఒకసారి డౌన్‌లోడ్ చేయాలి.

దీనితోపాటు ముఖ్యమైన పది, పదిహేను సెట్టింగులను కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి. ల్యాప్‌టాప్ లేని రాత్రి ఆ కాగితమే ఆదుకుంటుంది.

మొత్తం సీపీయూను ఉన్నదున్నట్టు పట్టుకోవడానికి "Online" మెనూలో "Backup from online device" ఉంది. పవర్ పోయినా నిలబడే విలువలు కూడా ఇందులో వస్తాయి, ఇది చాలా విలువైనది. కానీ రెండు హద్దులు తెలిసి వాడండి. ఇది తీస్తున్నప్పుడు సీపీయూ STOP లోకి వెళ్తుంది, కాబట్టి ర్యామ్ కిందికి దించి, ప్రెషరు వదిలి, పంపు ఆపాకే చేయాలి. రెండోది, ఆ ఫైలును తెరిచి లోపల ఏముందో చూడలేరు, మార్చలేరు. అందుకే అదే నంబరు, అదే ఫర్మ్‌వేర్ ఉన్న సీపీయూ కోసమే దాన్ని దాచుకుంటాను, అసలు ఆధారం మాత్రం ప్రాజెక్టు ఫైలు మీదే పెట్టుకుంటాను.

టచ్ స్క్రీనును మర్చిపోకండి. పీఎల్‌సీ నుంచి ప్రోగ్రాం పైకి తెచ్చుకోవచ్చు కానీ స్క్రీను నుంచి మార్చుకోగలిగే రూపంలో ఏదీ రాదు. ప్రోసేవ్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాని బ్యాకప్ తీస్తే .psb ఫైలు వస్తుంది, అదే మోడల్ స్క్రీనులోకి మళ్ళీ ఎక్కించడానికే అది పనికొస్తుంది.

చివరగా ప్రాజెక్టును ఆర్కైవ్ చేసి పేరులోనే అంతా ఉండేలా దాచండి. "ఫైనల్", "కొత్తది" అనే పేర్లు రెండో ఏడాదికి ఎవరికీ అర్థం కావు. నేను పెట్టే పేరు ఇలా ఉంటుంది:

```
PRESS1_2025-06-12_FW4.2.3.zap15_1
```

మిషన్, తేదీ, సీపీయూలో ఉన్న ఫర్మ్‌వేర్, చివర్లో టీఐఏ పోర్టల్ ఏ వెర్షనో దానంతట అదే వస్తుంది. ఒక కాపీ మిల్లు ఆఫీసు కంప్యూటర్లో, ఒకటి సేటు ఈమెయిల్‌లో, ఒకటి మీ దగ్గర. పోర్టల్ వెర్షన్ ఎందుకంటే 15.1 లో చేసిన ప్రాజెక్టును ఎవరైనా 16లో తెరిస్తే అది 16 కోసం కొత్త కాపీగా మారుతుంది. ఆ కాపీలో చేసిన మార్పులు 15.1 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇక తెరుచుకోవు.

స్పేర్‌ను టేబుల్ మీద నడపండి

ఒక 24 వోల్టుల ఎస్ఎంపీఎస్, ఒక నెట్‌వర్క్ కేబుల్, ల్యాప్‌టాప్, స్పేర్ సీపీయూ ఉంటే చాలు. స్పేర్‌ను మిల్లు నెట్‌వర్క్ స్విచ్‌కు కలపకండి, నేరుగా ల్యాప్‌టాప్‌కే కలపండి. ప్రోగ్రాం ఎక్కగానే దానికి మిషన్ ఐపీ అడ్రసే వస్తుంది. ఒకే అడ్రసుతో రెండు సీపీయూలు ఒక స్విచ్ మీద ఉంటే టచ్ స్క్రీను ఒకసారి దీనితో, ఒకసారి దానితో మాట్లాడుతుంది.

"Accessible devices"లో స్పేర్‌ను పట్టుకుని ముందు ఫర్మ్‌వేర్ చూడండి. ప్రాజెక్టులో రాసిన వెర్షన్ కంటే అది తక్కువైతే ఇక్కడే ఆగి, కింద చెప్పిన పద్ధతిలో పైకి తేవాలి. సమానంగా ఉన్నా, V4 లోనే ఎక్కువగా ఉన్నా ప్రోగ్రాం ఎక్కుతుంది. పాత V3 సీపీయూ ఉన్న మిషన్ అయితే కథ వేరు. 1AG31 నంబరు సీపీయూను ఫర్మ్‌వేర్‌తో V4 చేయలేరు. V3 ప్రోగ్రాం ఉన్న మెమరీ కార్డును V4 సీపీయూలో పెట్టినా పనిచేయదు. ప్రాజెక్టులో డివైస్‌ను మార్చి, మళ్ళీ కంపైల్ చేసి, పరీక్షించాలి. అది ఒక పూట పని కాదు, కాబట్టి అలాంటి మిషన్ ఉంటే దాన్నే ముందు పట్టండి.

ప్రోగ్రాం ఎక్కించి RUN లో పెడితే పక్క మాడ్యూళ్ళు లేవు కాబట్టి ERROR లైటు ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. టేబుల్ మీద అది మామూలే. ఇప్పుడు సెట్టింగుల డేటా బ్లాకు తెరిచి ప్రెషర్ 185 చూపిస్తోందా, టైమరు 900 ఉందా అని చూడండి. అవి కనిపించిన రోజే మీ బ్యాకప్ పూర్తయినట్టు.

మాడ్యూళ్ళు లేకపోయినా సీపీయూ ఎందుకు RUN అయిందని మీకు అనుమానం రావాలి. సీపీయూ "Properties"లో "Startup" కింద "Comparison preset to actual configuration" అనే చోట "Startup CPU even if mismatch" ముందే ఎంచి ఉంటుంది. టేబుల్ మీద ఇది మనకు మంచిదే. ప్యానెల్లో మాత్రం తప్పు మాడ్యూల్ పెట్టినా సీపీయూ RUN అయి, ఏమీ జరగనట్టు కూర్చుంటుందని దీని అర్థం. ప్రెస్ లాంటి మిషన్లకు "Startup CPU only if compatible" పెట్టడం నాకిష్టం. తప్పు మాడ్యూల్‌తో ర్యామ్ కదలడం కంటే అసలు లేవకపోవడమే నయం. అయితే ఆ మార్పును మిషన్‌లో ఒకసారి పవర్ తీసి పెట్టి చూశాకే వదలండి.

ల్యాప్‌టాప్ దొరకని ఊళ్ళకు నేను ఒక పని తప్పకుండా చేయిస్తాను. సీమెన్స్ మెమరీ కార్డును టీఐఏ పోర్టల్‌లో "Program" రకంగా చేసి, ప్రోగ్రాం దాని మీదికి వేసి, మిషన్ సీపీయూలోనే ఉంచేస్తాను. సీపీయూ పోయిన రోజు పవర్ తీసి, కార్డును చచ్చిన సీపీయూ నుంచి స్పేర్‌లోకి మార్చి పవర్ ఇస్తే సరి, మిల్లు ఎలక్ట్రీషియన్ చేయగలడు. సెట్టింగులు మొదలు విలువల్లోకి కాపీ అయి ఉంటేనే ఇది పూర్తిగా కలిసొస్తుంది. ఆ కార్డును విండోస్‌లో ఫార్మాట్ చేయకండి. అందులో దాగి ఉండే `__LOG__`, `crdinfo.bin` చెరిగిపోతే కార్డు ఇక ఆ సీపీయూలకు పనికిరాదు. ఖాళీ కార్డును ఊరికే చూద్దామని నడుస్తున్న మిషన్ సీపీయూలో పెట్టినా తప్పే. పెట్టగానే సీపీయూ STOP అవుతుంది. ఆపై పవర్ తీసి పెడితే లోపలి ప్రోగ్రాం కార్డు మీదికి పోయి, సీపీయూలో చెరిగిపోతుంది. ఆ కార్డు తీసి జేబులో వేసుకుని వెళ్తే మిషన్ ఖాళీ.

ఫర్మ్‌వేర్ ఎప్పుడు, ఎలా

నా పద్ధతి ఇది: స్పేర్ ఫర్మ్‌వేర్‌ను ప్రాజెక్టు స్థాయికి తెస్తాను, మిషన్ ఫర్మ్‌వేర్‌ను కారణం లేకుండా ముట్టుకోను. కారణమంటే భద్రతా లోపం గురించి కంపెనీ చెప్పడం, మీరు చూస్తున్న ఒక సమస్యకు కొత్త వెర్షన్‌లో సవరణ ఉండడం, లేదా కొత్త మాడ్యూల్ కలపాల్సి రావడం. కొత్తది వచ్చిందన్నది కారణం కాదు. ప్రాజెక్టులోని సీపీయూ వెర్షన్‌ను పెంచడంలో ఇంకో చిక్కు ఉంది. V4.4 కావాలంటే పోర్టల్ 16, V4.5 కావాలంటే 17 ఉండాలి. V4.5 తో సీపీయూ కాన్ఫిగరేషన్‌కు కాపలాగా ఒక పాస్‌వర్డ్ కూడా వచ్చింది. అది పెట్టి ఉంటే స్పేర్ సీపీయూకూ అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి, లేకపోతే అది ప్రోగ్రాం తీసుకోదు. ఆ పాస్‌వర్డ్ ఒక్క మనిషి తలలోనే ఉంటే స్పేర్ ఉన్నా లేనట్టే.

ఫైలు దించుకునే ముందు రిజిస్ట్రేషన్ పని ఇప్పుడే ముగించండి. ఫైలు మీ సీపీయూ పూర్తి నంబరుకే ఉండాలి, 1AG40 ది 1BG40 కి ఎక్కదు. టేబుల్ మీద ఉన్న స్పేర్‌కు "Online & diagnostics", "Functions", "Firmware update" గుండా ఎక్కించడం తేలిక. కార్డుతో చేయాలంటే 24 ఎంబీ లేదా అంతకంటే పెద్ద కార్డు తీసుకుని, విప్పిన వాటిలో ఈ ఫైలు, ఈ ఫోల్డరు రెండూ కార్డు మొదట్లోనే ఉన్నాయేమో చూసుకోండి:

```
S7_JOB.S7S
FWUPDATE.S7S
```

కార్డు పెట్టి పవర్ ఇచ్చాక RUN/STOP లైటు పచ్చ, పసుపు మారుతూ మెరుస్తుంది. అప్పుడు ఏదీ ముట్టుకోవద్దు. మేలో గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, కాబట్టి ఎస్ఎంపీఎస్‌ను ఇన్వర్టర్ మీదో యూపీఎస్ మీదో పెట్టి చేయండి. పసుపు నిలకడగా వెలిగి MAINT మెరిస్తే కాపీ పూర్తయింది. కార్డు తీసి, పవర్ తీసి మళ్ళీ ఇవ్వండి. కార్డు లోపలే మరిచిపోతే సీపీయూ పనిలోకి రాదు.

మిషన్ సీపీయూనే అప్‌డేట్ చేయాల్సి వస్తే వరస ఇలా పెట్టుకోండి. ముందు స్పేర్‌ను కొత్త వెర్షన్‌కు తెచ్చి, దాని మీద ప్రోగ్రాం ఎక్కించి, దాన్నే మిషన్‌లో పెట్టి ఒక రోజు నడపండి. సరిగ్గా నడిస్తే పాత సీపీయూను తీరిగ్గా అప్‌డేట్ చేసి స్పేర్‌గా ఉంచండి. బాగాలేకపోతే పాతది యథాతథంగా మీ చేతిలోనే ఉంటుంది, దాన్నే తిరిగి పెట్టేస్తారు. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్ళే దారి ఉంటుందని నమ్ముకోవడం కంటే ఇది చాలా మేలు.

ఎస్7-1200లో అప్‌డేట్ వల్ల ప్రోగ్రాం చెరగదు. అయినా అప్‌డేట్ అయ్యాక సీపీయూ లేచి STOP లోనే ఉండిపోతే భయపడకండి. స్టార్టప్ సెట్టింగు "Warm restart - mode before POWER OFF" అని ఉంటే పవర్ పోకముందు ఉన్న స్థితికే వస్తుంది. అప్‌డేట్ సమయంలో అది STOP లో ఉంది కాబట్టి STOP లోనే లేస్తుంది. ల్యాప్‌టాప్‌తో RUN ఇస్తే సరిపోతుంది. ఇది తెలియక ప్రోగ్రాం పోయిందనుకుని పాత ఫైలు ఎక్కించేసిన వాళ్ళను చూశాను.

మార్చే రోజు

స్పేర్ పెట్టేటప్పుడు పంపు మోటారు ఐసోలేటర్ ఆపి తాళం వేయండి, ప్రెషరు గేజి సున్నాకు రావాలి. ర్యామ్ పైన ఉంటే కింద దిమ్మ పెట్టకుండా పెట్టెలో చేయి పెట్టనివ్వద్దు. ఎస్7-1200 టెర్మినల్ బ్లాకులు ఊడి వస్తాయి, వైర్లు విప్పకుండానే బ్లాకు మొత్తం లాగి కొత్త సీపీయూకు తగిలించొచ్చు. లాగేముందు స్పేర్ నంబరు ఇంకోసారి చదవండి, ఫోటో పక్కన పెట్టి చూడండి.

పవర్ ఇచ్చాక పంపు ఆపి ఉండగానే RUN పెట్టండి. ERROR లైటు ఆరిందా చూడండి. "Device configuration"లో ఆన్‌లైన్ వెళ్తే ప్రతి మాడ్యూల్ మీదా ఆకుపచ్చ టిక్ ఉండాలి. తలుపు లిమిట్ స్విచ్, ఎమర్జెన్సీ బటన్, ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, ఒక్కొక్కటీ చేత్తో కదిపి స్క్రీనులో ఇన్‌పుట్ మారుతోందో లేదో చూడండి. గడియారం తప్పు ఉంటుంది, బీరువాలో నెలల తరబడి ఉన్న సీపీయూలో టైము నిలవదు, బేలు రిపోర్టులు తప్పుడు తేదీతో రాకుండా సరిచేయండి. అప్పుడే పంపు ఇచ్చి, ఖాళీ పెట్టెతో ఒక స్ట్రోకు మాన్యువల్‌లో, ఒకటి ఆటోలో తిప్పి, ఆ తర్వాత దూది వేయండి.

మొన్న జూన్‌లో అదే మిల్లులో ఈ పనంతా చేశాం. సూపర్‌వైజర్ తన చేత్తోనే కార్డు స్పేర్‌లోకి మార్చి పవర్ ఇచ్చాడు. స్క్రీను మీద 185 కనిపించేదాకా పదకొండు నిమిషాలు పట్టింది, అందులో నాలుగు నిమిషాలు ప్యానెల్ తాళంచెవి కోసం. ఇప్పుడు ఆ తాళంచెవి స్పేర్ డబ్బాతోపాటు అదే బీరువాలో ఉంటుంది.